రోజుకు 6,800 అన్న గది చివరికి ఎనభై వేల దాకా ఎట్లా పోయింది?

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ. ప్రభుత్వ బడిలో టీచర్‌ను. కొత్త సంవత్సరానికి మేము, మా అన్నవాళ్లు కలిసి గోవా పోదామనుకున్నాం. యాప్‌లో ఒక రిసార్ట్ రోజుకు గదికి 6,800 అని చూపించింది. రెండు గదులు, డిసెంబర్ 30 నుంచి మూడు రాత్రులు. నలభై ఒక్క వేలు అవుతుందని అన్నకు చెప్తే, తన సగం 20,500 ఆ రాత్రే పంపాడు. తీరా నా కార్డు మీద కట్టేటప్పుడు 45,888 అయింది. "Taxes & Fees" అని 5,088 కలిపారు. అక్కడికీ సరే అనుకున్నా. తర్వాత వచ్చిన వోచర్ రెండో పేజీలో, 31 రాత్రి గాలా డిన్నర్ తప్పనిసరి, పెద్దలకు 4,000, పిల్లలకు 2,000, పన్ను అదనం అని ఉంది. పన్నెండేళ్లు దాటితే పెద్దల లెక్కేనట, మా బాబుకు పదమూడు. పాపకు ఎనిమిది, అన్న కొడుకుకు నాలుగు, వాడికి ఫ్రీ. బాబుకు ఎక్స్‌ట్రా బెడ్ రాత్రికి 1,500, ఫెసిలిటీ ఫీజు గదికి రోజుకు 500. హోటల్‌కు ఫోన్ చేస్తే వచ్చాక 33,460 కట్టాలన్నారు. అన్నేమో "హోటళ్లకు జీఎస్టీ 5 శాతం చేశారు గదా, అయిదు వేలు ఏం ట్యాక్స్? చూసుకోకుండా ఎట్ల కట్టినవ్?" అంటున్నాడు. వదిన ఫ్యామిలీ గ్రూపులో మాట్లాడటమే మానేసింది. మావారు కేన్సిల్ చెయ్, లేకపోతే మిగతాది మనమే పెట్టుకుందాం అంటున్నారు. డిసెంబర్ 10 మధ్యాహ్నం 12 దాకా ఉచిత రద్దు, 20 దాకా మొదటి రాత్రి అద్దె పోతుంది, ఆ తర్వాత ఏమీ రాదట. రైలు టికెట్లు కూడా తీసేశాం. అన్నను ఇంకో పంతొమ్మిది వేలు ఎట్లా అడగాలి? స్క్రీన్‌షాట్లన్నీ పంపుతున్నా.
— ఒక చెల్లెలు, మిర్యాలగూడ

జవాబు:

అమ్మా, ముందు డిసెంబర్ 10 మధ్యాహ్నం 12 గంటలు అన్న మాటను ఇంట్లో క్యాలెండర్ మీద రాసి పెట్టండి, ఎందుకంటే మీ చేతిలో ఉన్న బలమంతా ఆ గంట దాకానే. అప్పటిదాకా హోటల్‌వాళ్లతో మీరు గట్టిగా మాట్లాడగలరు, వాళ్లు కూడా వింటారు, మీరు ఒక్క బటన్ నొక్కితే సంవత్సరాంతం రాత్రికి రెండు గదులు ఖాళీ అవుతాయని వాళ్లకూ తెలుసు కాబట్టి. 10 దాటిందంటే మొదటి రాత్రి అద్దె పోతుంది, మీ లెక్కలో అది పన్నుతో కలిపి గదికి 6,195, రెండింటికి 12,390. ఇక 20 దాటాక మీరు ఏమన్నా వాళ్లు తొందరపడరు. చాలామంది ఈ రోజుల్నే కంప్లయింట్ పెట్టి జవాబు కోసం ఎదురుచూస్తూ పోగొట్టుకుంటారు. కంప్లయింట్ తర్వాతైనా పెట్టుకోవచ్చు, దాని సంగతి చివర్లో చెప్తాను.

ఇక ఆ 5,088. మీ అన్న అన్నది తప్పు కాదు, కాకపోతే సగమే తెలుసు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 లోపు ఉన్న గదికి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, నిజమే. 7,500 దాటిన గదికి మాత్రం ఎప్పటిలాగే 18 శాతం. మీకు కనిపించిన 6,800 ఈ లెక్కన 5 శాతం కిందికే రావాలి, నలభై వేల ఎనిమిది వందల మీద 2,040 అవ్వాలి, అది అయిదు వేలు ఎందుకైంది అన్నది మీ ఇంట్లో గొడవ.

మీరు పంపిన మూడో స్క్రీన్‌షాట్‌ను వేళ్లతో పెద్దది చేసి చూడండి, రాత్రివారీ ధరలు ఉన్నాయి. డిసెంబర్ 30కి 5,900, 31కి 9,000, జనవరి 1కి 5,500. ఈ మూడూ కలిపి మూడుతో భాగిస్తే వచ్చేదే 6,800. అంటే మీరు చూసింది సగటు ధర, ఆ ధరకు ఏ ఒక్క రాత్రీ గది లేదు. పన్ను సగటు మీద పడదు, ఒక్కో గదికి ఒక్కో రోజు ధర మీద పడుతుంది. 30వ తేదీకి 5 శాతం, 295. జనవరి 1కి 5 శాతం, 275. 31వ తేదీకి 9,000 కాబట్టి 18 శాతం, 1,620. ఇక్కడ ఇంకో మాట, 7,500 పైన ఉన్న పదిహేను వందలకే 18 శాతం అనుకుంటారు చాలామంది, అట్లా కాదు, గీత దాటితే మొత్తం తొమ్మిది వేలకూ 18 శాతమే. గదికి 2,190, రెండు గదులకు 4,380. ఇది ప్రభుత్వానికి పోయే పన్ను, దీని మీద యాప్‌తోగానీ హోటల్‌తోగానీ పోట్లాడి లాభం లేదు.

మిగిలిన 708 పన్ను కాదు. అది యాప్ తన సేవకు తీసుకున్న 600, దాని మీద 18 శాతం జీఎస్టీ 108. అసలు తంటా ఎక్కడొచ్చిందంటే రెండింటినీ ఒకే వరుసలో "Taxes & Fees" అని కలిపి చూపించారు, చూసినవాళ్లు అంతా సర్కారు పన్నే అనుకుంటారు. ఆ వరుస పక్కన చిన్న గుండ్రటి గుర్తు నొక్కితే విడిగా కనిపిస్తుంది, మీరు నొక్కారు కాబట్టే ఈ రోజు నేను లెక్క చెప్పగలుగుతున్నాను. ఈ 708 గురించి ఇంకోటి గుర్తుపెట్టుకోండి, "ఉచిత రద్దు" అన్నా ఇది వెనక్కి రాదు, మీ వోచర్‌లోనే ఆ సంగతి ఉంది. కాబట్టి 10వ తేదీలోపు రద్దు చేస్తే మీకు రావాల్సింది 45,180.

ఇప్పుడు పెద్ద ముక్క, హోటల్‌లో కట్టమన్న 33,460. గాలా డిన్నర్ 25,960, ఎక్స్‌ట్రా బెడ్ 4,500, ఫెసిలిటీ ఫీజు 3,000. ఈ మూడూ ఒక రకం కావు, విడివిడిగా చూడాలి.

ఎక్స్‌ట్రా బెడ్ మీరు అడిగి తీసుకునేది. వద్దంటే ఆగుతుంది, అయితే గదికి ఇద్దరు పెద్దలు ఒక పిల్ల అని పరిమితి పెట్టుంటే నాలుగో మనిషికి బెడ్ లేకుండా ఒప్పుకోరు, మీ బాబును పెద్దవాడి లెక్కలో వేశారు కాబట్టి ఇది తప్పించుకోవడం కష్టం. బుక్ చేసేటప్పుడు పిల్లల వయసులు సరిగ్గా కొట్టారు, అది మంచి పని చేశారు. వయసు తగ్గించి కొట్టి ఉంటే రిసెప్షన్‌లో ఆధార్ అడిగిన దగ్గర ఇంకా పెద్ద గొడవయ్యేది.

ఫెసిలిటీ ఫీజు అంటే స్విమ్మింగ్ పూల్, వైఫై, జిమ్, బీచ్ టవళ్లు లాంటివాటికని చెప్తారు, కొన్నిచోట్ల దీన్నే రిసార్ట్ ఫీజు అంటారు. మీరు పూల్‌లో కాలు పెట్టకపోయినా కట్టాల్సిందే అన్నప్పుడు అది గది అద్దెలో భాగమే, బయటికి తీసి వేరే పేరు పెట్టారు, అంతే. ఎందుకు తీస్తారు? యాప్‌లో ధర తక్కువ నుంచి ఎక్కువకు అమర్చి చూసేవాళ్లకు ఈ హోటల్ పైన కనిపించాలని. 7,300 కన్నా 6,800 ముందొస్తుంది గదా. ఇది మన దగ్గరే కాదు, అమెరికాలో లాస్ వేగస్ హోటళ్లలో రిసార్ట్ ఫీజు బాధ ఎంత ముదిరిందంటే, అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 మే 12 నుంచి తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరనే మొదట చూపించాలని నిబంధన తెచ్చింది. పిల్లల దగ్గరికి అమెరికా పోయే మన నల్లగొండ, పాలమూరు తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకోవాలి. దుబాయ్ పోయేవాళ్లకైతే టూరిజం దిర్హమ్ అని గదికి రాత్రికి 7 నుంచి 20 దిర్హమ్‌ల దాకా హోటల్‌లోనే తీసుకుంటారు, అది ప్రభుత్వం వేసినదే.

గాలా డిన్నర్ దగ్గరే మీ డబ్బు ఎక్కువ పోతున్నది. గోవాలో, ఇంకా చాలా రిసార్టుల్లో డిసెంబర్ 24, 31 రాత్రులు ఉండేవాళ్లందరికీ విందు తప్పనిసరి అని పెట్టడం కొత్తేమీ కాదు. డీజే, బఫే, పిల్లలకు ఆటలు అన్నీ కలిపి తలకింత అంటారు. పెట్టడం దానికదే నేరం కాదు. కానీ కట్టకుండా ఆ రాత్రి గదిలో ఉండలేరు అన్నప్పుడు ఆ డబ్బు మీరు కార్డు నంబర్ కొట్టకముందే మొత్తంలో కలిసి కనిపించాలి. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనలు ధరను అన్ని తప్పనిసరి చార్జీలతో కలిపి ఒకే అంకెగా చూపించమంటున్నాయి. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తెచ్చిన డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాల్లో పదమూడు రకాల మాయలు పేర్లతో సహా రాశారు, అందులో ఒకటి డ్రిప్ ప్రైసింగ్. ముందు తక్కువ ధర చూపి, కొనే దారిలోనో కొన్న తర్వాతో ఒక్కో ఖర్చూ బయటపెట్టడం.

అందుకే ఈ రోజే ఒక పని చెయ్యండి. అదే యాప్‌లో అదే హోటల్, అవే తేదీలు, అదే మనుషుల సంఖ్య కొట్టి, డబ్బు కట్టే పేజీ దాకా పోయి ఆగండి. దారిలో హోటల్ నియమాలు అని ఉండే చోట కిందిదాకా జరిపి చూడండి. గాలా డిన్నర్ మాట, ధరతో సహా అక్కడ స్పష్టంగా ఉంటే మీ ఫిర్యాదుకు బలం తక్కువ, ఈ సంగతి ఇప్పుడే తెలిస్తే మంచిది. ఎక్కడా లేకుండా వోచర్‌లోనే మొదటిసారి వచ్చిందంటే, లేదా "పండగ రోజుల్లో అదనపు చార్జీలు ఉండొచ్చు" అని ధర లేకుండా ఒక ముక్క రాసి వదిలేశారంటే, మీ పక్షాన గట్టి ఆధారం ఉన్నట్టే. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తేదీ, టైం కనిపించేట్టు స్క్రీన్ రికార్డింగ్ చేసి పెట్టుకోండి. యాప్ పేజీలు మారిపోతాయి, రేపు అదే పేజీ ఉంటుందని నమ్మొద్దు.

ఆ తర్వాత హోటల్‌కు మెయిల్ పెట్టండి. ఫోన్‌లో చెప్పిన మాట రిసెప్షన్‌లో డ్యూటీ మారగానే మారుతుంది, అందుకే మెయిల్. చిన్నగా, మర్యాదగా ఉండాలి. బుకింగ్ నంబర్ రాసి, "బుక్ చేసేటప్పుడు గాలా డిన్నర్, ఫెసిలిటీ ఫీజు మాకు చూపించలేదు. మేము నలుగురు పెద్దలం, పదమూడు, ఎనిమిది, నాలుగేళ్ల పిల్లలు. దిగేటప్పుడు మేము కట్టాల్సిన మొత్తం పన్నులతో సహా ఒకే అంకెలో రాయండి. డిన్నర్‌కు రానివాళ్లకు మినహాయింపు ఇస్తారా, పదమూడేళ్ల బాబును పిల్లల లెక్కలో వేస్తారా చెప్పండి. డిసెంబర్ 8లోపు జవాబు రాకపోతే బుకింగ్ రద్దు చేసుకుంటాం" అని రాయండి. ఆఖరి వాక్యం తప్పకుండా ఉండాలి. డిన్నర్ మీద 18 శాతం ఎందుకు వేశారో కూడా అడగొచ్చు. కిందటి ఆర్థిక సంవత్సరంలో ఏ గదినైనా రోజుకు 7,500 పైన ఇచ్చిన హోటల్‌లో భోజనానికి 18 శాతం పడుతుంది, లేకపోతే 5. మీ హోటల్‌కు 18 సరైనదే కావచ్చు, అడిగి రాతలో తీసుకోవడంలో నష్టం లేదు. ఒకవేళ ఆ విందు బిల్లులో సర్వీస్ చార్జీ అని ఇంకో పది శాతం కలిపితే, అది కట్టనక్కర్లేదు. బిల్లులో దాన్ని దానంతట అదే కలపకూడదని 2022 జులైలో మార్గదర్శకాలు వచ్చాయి, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది.

ఇక ఏం చెయ్యాలన్నది. మీ ముందు మూడు దార్లు ఉన్నాయి, ఏదీ పూర్తిగా మంచిది కాదు, పూర్తిగా చెడ్డదీ కాదు.

ఒకటి, ఇదే బుకింగ్ ఉంచుకోవడం. అప్పుడు మొత్తం 79,348. మెయిల్‌కు జవాబుగా వాళ్లు బాబును పిల్లల లెక్కలో వేస్తే పన్నుతో కలిపి 2,360 తగ్గుతుంది, ఫెసిలిటీ ఫీజు తీసేస్తే ఇంకో మూడు వేలు. అంతకన్నా పెద్ద తగ్గింపు కావాలంటే ఇంకో పద్ధతుంది, హోటల్ సేల్స్ వాళ్లను నేరుగా అడగండి, "మీ దగ్గరే బుక్ చేస్తే గాలా డిన్నర్, బెడ్, అన్ని పన్నులూ కలిపి రెండు గదులకు మూడు రాత్రులకు ఎంత?" అని. యాప్‌కు ఇచ్చే కమీషన్ వాళ్లకు మిగులుతుంది కాబట్టి కొంత దిగొస్తారు, డిసెంబర్ మొదటి వారంలో గదులు ఇంకా ఖాళీ ఉంటే ఎక్కువే దిగొస్తారు. హౌస్‌ఫుల్ అయిన హోటల్ మాత్రం రూపాయి తగ్గించదు. పిల్లలు డీజే, బీచ్‌లో పటాకులు అని ఇప్పటికే ఆశపెట్టుకుని ఉంటే, పెద్దలకూ 31 రాత్రి గోవాలోనే ఉండాలని ఉంటే ఈ దారి తప్పు కాదు. ఆ రాత్రి బయట ఎక్కడ తిన్నా కొంత అవుతుంది, 25,960 అంతా వృథా అనుకోవద్దు.

రెండోది, 31 రాత్రిని వదిలిపెట్టడం. మీ లెక్క మొత్తం ఆ ఒక్క రాత్రి చుట్టే తిరుగుతోంది చూడండి, 9,000 ధర, 18 శాతం పన్ను, డిన్నర్, మూడూ దానివే. ఇదే హోటల్ జనవరి 1న అడుగుతున్న 5,500 ధరకే సంక్రాంతి సెలవుల్లో దొరికిందనుకుందాం. ఆరు గది-రాత్రులకు 33,000, పన్ను 5 శాతం 1,650, యాప్ ఫీజు 708, బెడ్ 4,500, ఫెసిలిటీ ఫీజు 3,000. మొత్తం 42,858. ఇప్పటి దానికంటే 36,490 తక్కువ. ధర నిజంగా అంత ఉందో లేదో ఇప్పుడే చూసుకోవాలి, పండగ సెలవుల్లో గోవాకు మనలాగే చాలామంది బయలుదేరతారు. ఇందులో చిక్కులూ ఉన్నాయి. రైలు టికెట్లు రద్దు చేసి మళ్లీ తీసుకోవాలి, సంక్రాంతి వెయిటింగ్ లిస్ట్ మీకు తెలియంది కాదు. వదిన పండక్కి పుట్టింటికి పోవాలనుకుంటే ఆ సంగతి ముందే అడగాలి, మీరే తేదీ ఖాయం చేసి గ్రూపులో పెడితే ఉన్న గొడవ రెండింతలవుతుంది. యాప్‌లో తేదీ మార్చుకోవడం అనేది ఉన్నా చాలాసార్లు అది పాతది రద్దు చేసి ఇవాళ్టి రేటుకు కొత్తగా తీసుకోవడమే, కాబట్టి కొత్త మొత్తం చూడకుండా ఒప్పుకోవద్దు.

మూడోది, తేదీలు అవే ఉంచి హోటల్ మార్చడం. గాలా డిన్నర్ లేని చిన్న గెస్ట్‌హౌస్‌లు, అపార్ట్‌మెంట్ గదులు గోవాలో ఉంటాయి, రైలు టికెట్లు వృథా కావు. అయితే ఆ వారం వాటి ధరలు కూడా పెరుగుతాయి, పూల్, బ్రేక్‌ఫాస్ట్ ఉండకపోవచ్చు, పిల్లలు ముఖం ముడుచుకోవచ్చు. ఈ దారి పట్టేట్టయితే వరుస జాగ్రత్త. ముందు కొత్త గది, ఉచిత రద్దు ఉన్నది, వీలైతే హోటల్‌లోనే డబ్బు కట్టేది తీసుకోండి. ఆ హోటల్‌కు ఫోన్ చేసి, "31న తప్పనిసరి డిన్నర్ ఉందా, నలుగురు పెద్దలు ముగ్గురు పిల్లలకు మొత్తం ఎంత?" అని అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి. అప్పుడు పాతది రద్దు చెయ్యండి. కోపంలో ముందు ఉన్నది రద్దు చేస్తే ఏడుగురు డిసెంబర్ 31న గదికోసం తిరగాల్సి వస్తుంది.

ఏ కారణంతో రద్దు చేసినా, 10వ తేదీ ఉదయం దాకా ఆగొద్దు, 9 రాత్రికే పని ముగించండి. చివరి బటన్ నొక్కేముందు ఎంత వెనక్కి వస్తుందో యాప్ చూపిస్తుంది, అక్కడ 45,180 కనిపించాలి. తక్కువ ఉంటే నొక్కకుండా స్క్రీన్‌షాట్ తీసి కస్టమర్ కేర్‌తో మాట్లాడండి. డబ్బు వాలెట్‌లోకి వెంటనే కావాలా, కార్డుకు కొన్ని రోజుల్లో కావాలా అని అడుగుతుంది, కార్డుకే అనండి. వాలెట్‌లో పడితే మళ్లీ ఆ యాప్‌లోనే ఖర్చు పెట్టాలి.

ఇప్పుడు అన్న సంగతి. మీరు మొత్తాన్ని రెండుగా చేసి ఇంకో పంతొమ్మిది వేలు అడగాలనుకుంటున్నారు, ఆ లెక్క సరి కాదమ్మా, మీ వదినకు కోపం రావడంలో న్యాయం ఉంది. ఎక్స్‌ట్రా బెడ్ మీ బాబుది. డిన్నర్‌లో మీ ఇంటి నుంచి ముగ్గురు పెద్దల లెక్క, ఒక పాప, వాళ్లింటి నుంచి ఇద్దరే. విడదీసి చూస్తే, గదుల డబ్బు 45,888లో సగం 22,944, వాళ్లిద్దరి డిన్నర్ పన్నుతో 9,440, వాళ్ల గది ఫెసిలిటీ ఫీజు 1,500. అన్నవాళ్ల వాటా 33,884. ఇప్పటికే 20,500 ఇచ్చాడు, ఇంకా ఇవ్వాల్సింది 13,384. మీ వాటా 45,464. అదే సంక్రాంతి దారిలో పోతే అన్న వాటా 19,179 అవుతుంది, అంటే ఇచ్చినదాంట్లోంచి మీరే ఆయనకు 1,321 తిరిగి ఇవ్వాలి. పాత బుకింగ్‌లో పోయే 708 ఎవరు భరించాలన్నది మీరు మీరు అనుకోండి, నన్నడిగితే అది మీరు పెట్టుకోవడమే బాగుంటుంది.

మిగతాదంతా మనమే పెట్టుకుందాం అన్న మీవారి మాట పెద్దమనసుతో అన్నదే, కానీ ఒప్పుకోవద్దని నా అభిప్రాయం. చెప్పకుండా పెట్టుకుంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ మాట మీ నోటివెంటో ఆయన నోటివెంటో వస్తుంది, అప్పుడు అన్నకు ఇంతకన్నా ఎక్కువ బాధ. చెప్పి పెట్టుకుంటే, "మా దగ్గర లేవనుకున్నారా" అని వదిన అంటుంది. గ్రూపులో కాకుండా అన్నకు, వదినకు ఇద్దరికీ ఒకేసారి ఫోన్ చెయ్యండి, స్పీకర్ పెట్టమనండి. "అన్నా, నువ్వన్న 5 శాతం నిజమే, 31వ తేదీ గదికి మాత్రం 18 పడింది, ఇదిగో రాత్రివారీ లెక్క. గాలా డిన్నర్ సంగతి కట్టేముందు మాకు చూపించలేదు. ఇట్లయితే మీ వాటా ఇంత, అట్లయితే ఇంత. మీకేది బాగుంటే అది చేద్దాం, 8వ తేదీలోపు చెప్పండి" అనండి. వదినను "మీకు సంక్రాంతికి వీలవుతుందా వదినా?" అని విడిగా అడగండి. ఆమె మాట్లాడకపోవడం డబ్బు గురించే అని మీరనుకుంటున్నారు, తనను ఏదీ అడగకుండానే అన్నీ ఖాయమైపోతున్నాయన్న బాధ కూడా ఉండొచ్చు. మీ ఉత్తరంలో తేదీలు, హోటల్, గదులు అన్నీ మీరు, అన్న అనుకున్నవే కనిపించాయి.

చివరగా కంప్లయింట్. ఇది మీ ప్రయాణం ఆపదు, పోయివచ్చాక కూడా చెయ్యొచ్చు. ముందు యాప్‌వాళ్లకు మెయిల్ పెట్టి కంప్లయింట్ నంబర్ తీసుకోండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడొచ్చు, లేదా consumerhelpline.gov.in లో పెట్టండి. వాళ్లు దాన్ని కంపెనీకి పంపి జవాబు రాబడతారు, అంతవరకే, తీర్పు ఇవ్వరు. అయినా చిన్న మొత్తాల్లో, ముఖ్యంగా ఫెసిలిటీ ఫీజు, యాప్ ఫీజు లాంటివాటిలో ఇక్కడే తేలిపోయేవి చాలా ఉంటాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. గోవా పోనక్కర్లేదు, 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే, అంటే నల్లగొండలోనే వెయ్యొచ్చు. e-jagriti.gov.in లో ఆన్‌లైన్‌గా కూడా పెట్టొచ్చు. అయిదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్ల దాకా టైం ఉంది. కాకపోతే నెలలు పట్టొచ్చు, వాయిదాలకు బడికి సెలవు పెట్టాల్సి రావొచ్చు, అది కూడా చూసుకుని దిగండి. హోటల్‌లో ఆ 33,460 కట్టే రోజొస్తే రిసీట్ మీద డిన్నర్, ఫెసిలిటీ ఫీజు విడివిడిగా రాయించుకోండి, హోటల్ జీఎస్టీ నంబర్ దాని మీద ఉండాలి, గోవాది కాబట్టి 30తో మొదలవుతుంది. మొత్తం కలిపి "ఇతరములు" అని ఒకే వరుసలో రాసిచ్చిన బిల్లు పట్టుకొస్తే రేపు నల్లగొండలో ఎవరూ మీకు సాయం చెయ్యలేరు.